రంగప్రవేశానికి సెలవు: మేనేజరుకు ఏం చెప్పాలి?

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేస్తున్నాను. చిన్నప్పుడు మానేసిన కూచిపూడి మళ్లీ నేర్చుకుని, వచ్చే నెలలో రంగప్రవేశం చేయబోతున్నాను. మా మేనేజరుకు పాటలు, నాట్యాల మీద ఏమాత్రం ఆసక్తి లేదు. ఇది నాకు ఎంత ముఖ్యమో ఆయనకు అర్థమయ్యేలా చెప్పి సెలవు అడగడం ఎలా?

ఆయనకు అర్థం కాదండీ. అర్థం కావలసిన అవసరమూ లేదు.

నేను విజయవాడలో ఒక మందుల పంపిణీ సంస్థలో అకౌంట్స్ చూస్తాను. మా అబ్బాయి బడికి వెళ్లడం మొదలుపెట్టాక నా రంగప్రవేశం జరిగింది. మా మేనేజరుగారికి అంకెలు తప్ప మరో లోకం లేదు. అలాంటి మనిషి దగ్గర సెలవు సంపాదించాను కాబట్టి కాస్త అధికారంతోనే చెబుతున్నాను. కళ, సంప్రదాయం, చిన్ననాటి కల వంటి మాటలు ఆయన గదిలోకి తీసుకువెళ్లకండి. అవి విన్నవాళ్లు మర్యాదకు తల ఊపుతారు, "చాలా మంచిదమ్మా" అంటారు, చివరకు ఒక పూట సెలవిచ్చి పంపేస్తారు.

ఎందుకంటే ప్రదర్శన సాయంత్రం ఆరింటికి. పైగా మనం శనివారమో ఆదివారమో చూసి పెట్టుకుంటాం. ఆఫీసు లెక్క ప్రకారం దానికి సెలవే అక్కర్లేదు. మా సార్ కూడా సరిగ్గా అదే అన్నారు.

"శనివారం సాయంత్రమే కదమ్మా? మధ్యాహ్నం మూడింటికి వెళ్లిపో. నేనేమీ అనను."

ఆయన దృష్టిలో అది ఉదారమే. చుట్టాల ఇంట్లో రిసెప్షనుకు వెళ్లాలంటే మూడింటికి బయలుదేరితే సరిపోతుంది మరి. నేను కావాలన్నది గురువారం నుంచి. "డాన్సు శనివారమైతే గురువారం ఏం చేస్తావు?" అని అడిగారు. ఆ ప్రశ్నకు మీ దగ్గర సూటి జవాబు ఉంటే సెలవు వచ్చినట్టే. అందుకని ఆ జవాబే కొంచెం వివరంగా చెబుతాను.

మనం క్లాసులో ఏళ్ల తరబడి సాధన చేసేది గురువుగారి తట్టుకర్ర మీదో, రికార్డు చేసిన పాట మీదో. రికార్డు ఎప్పుడూ ఒకే వేగంతో పోతుంది. పల్లవి ఎన్నిసార్లు వస్తుందో మనకు కంఠతా వచ్చేసి ఉంటుంది. రంగప్రవేశానికి అలా కుదరదు. వేదిక పక్కన నట్టువాంగానికి గురువుగారు, గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువు, ఇంతమంది కూర్చుంటారు. పాడేవారికి ఆ రోజు ఒక సంగతి బాగా కుదిరితే మరోసారి పాడతారు. మనం సంచారి అభినయం ముగించి పల్లవికి వచ్చేసి నిలబడితే ఆయన ఇంకా అనుపల్లవిలోనే ఉంటారు. ఏ చూపుకు, ఏ చేతి కదలికకు ఆయన తర్వాతి పాదంలోకి వెళ్లాలి, ఏ ముక్తాయింపు దగ్గర మృదంగం ఆగాలి అన్నది అందరూ కలిసి కూర్చుని ఖాయం చేసుకోవాలి. ఆర్కెస్ట్రాతో రిహార్సల్ అంటే అది. మనకు వచ్చినదాన్ని మరోసారి చేసి చూసుకోవడం అనుకుంటే పొరపాటు.

తరంగం అనే అంశంలో ఇది మరీ కీలకం. ఇత్తడి పళ్లెం అంచు మీద రెండు పాదాలూ ఆనించి, కాలివేళ్లతో అంచును పట్టుకుని, తాళానికి తగ్గట్టు పళ్లెంతో సహా ముందుకూ పక్కలకూ జరగాలి. నేల మీద అడుగు తప్పితే సర్దుకోవచ్చు. పళ్లెం మీద ఉండగా మృదంగం కాలం, అంటే వేగం, పెంచేస్తే మన పాదం అందుకోలేదు, పళ్లెం నేలకు రాసుకుని కీచుమంటుంది. గురువారం రిహార్సల్లో నాకు అదే జరిగింది. మృదంగం వాయించేవారు ఒక జతిని వేగంగా ఎత్తుకున్నారు. పళ్లెం ఒక పక్కకు లేచింది, నేను దిగిపోవలసి వచ్చింది. ఆయన ఏమీ అనకుండా చేత్తో కాలం వేసి చూపించి, "ఇది సరిపోతుందా అమ్మా?" అని అడిగారు. ఇంకాస్త తగ్గించమన్నాను. మళ్లీ మళ్లీ చేసి, ఆ కాలం ఇద్దరికీ కుదిరాకే ముందుకు వెళ్లాం. ఆ మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉండి ఉంటే ఆ కీచు శబ్దం శనివారం ప్రేక్షకుల ముందు వినిపించేది.

ఈ వాద్యకారులేమో మన కోసం ఖాళీగా కూర్చునేవారు కారు. డిసెంబరు, జనవరి నెలల్లో వాళ్లకు ఊపిరి సలపదు. ఒకరు పక్క ఊరి నుంచి రావాలి, మరొకరికి ఆదివారం వేరే కార్యక్రమం ఉంటుంది. అందరికీ కలిసే రోజు ఒక్కటి దొరకడమే గగనం. రిహార్సల్‌కు కూడా వాళ్లకు పారితోషికం ఇవ్వాలి. మీరు రాలేదంటే డబ్బూ పోతుంది, ఆ రోజూ తిరిగి రాదు. మేనేజర్లకు సులువుగా ఎక్కే మాట ఇదే. కళ తెలియకపోవచ్చు కానీ, ఐదుగురు బయటివాళ్లను ఒకే రోజుకు రప్పించడం ఎంత కష్టమో ఆడిటర్లతో తిప్పలు పడిన ప్రతి మేనేజరుకూ తెలుసు.

ఇక శనివారం సంగతి. ఉదయం గజ్జెపూజ. మధ్యాహ్నం రెండింటికల్లా మేకప్ కుర్చీలో కూర్చోవాలి. ముఖానికి రంగు, చేతులకూ కాళ్లకూ పారాణి, తలమీద సూర్యచంద్రులు, రాగిడి, కింద కుప్పెల దాకా జడ కట్టడం, అంతా కలిసి మూడు గంటలు తేలిగ్గా పడుతుంది. భామాకలాపంలో ప్రవేశ దరువు చేసేవాళ్లకు జడ మీద మరికాస్త శ్రద్ధ కావాలి. సత్యభామ అందులో తెర మీదుగా జడ వేసి సవాలు చేస్తుంది. పిన్నులు సరిగా పెట్టకపోతే ఆ జడ అక్కడే ఊడి చేతిలోకి వస్తుంది. "మూడింటికి వెళ్లిపో" అన్న సార్‌కు ఈ మూడు గంటల లెక్క చెబితే ఆయనే నవ్వారు.

ఇదంతా మీ వైపు లెక్క. ఆయన వైపు లెక్క కూడా మీరే వేసి తీసుకెళ్లాలి. నా విషయంలో చిక్కేమిటంటే ప్రదర్శన 18వ తేదీన పడింది. మా పనిలో 11వ తేదీకి అమ్మకాల రిటర్న్ జీఎస్‌టీఆర్-1 వేసేయాలి, 20వ తేదీకి పన్ను కట్టే రిటర్న్ జీఎస్‌టీఆర్-3బి. మధ్యలో 14వ తేదీన కొనుగోళ్ల వివరాలుండే 2బి పోర్టల్లో వస్తేగానీ కొనుగోళ్ల క్రెడిట్ సరిచూసుకోవడం కుదరదు. అంటే నెల మొత్తంలో నేను ఆఫీసులో ఉండి తీరవలసిన వారంలోనే సెలవు అడుగుతున్నాను. సార్ భయం నాట్యం గురించి కాదు, 20వ తేదీ గురించి. ఆ భయం పోగొట్టకుండా ఎన్ని మాటలు చెప్పినా దండగే. పుస్తకాల్లో ఉండి పోర్టల్లో కనిపించని బిల్లుల జాబితాను ముందే తయారు చేసి, సరఫరాదారులకు 11వ తేదీకి ముందే ఫోన్లు చేయించాను. 14, 15 తేదీల్లో సరిచూడటం ముగించి, చెల్లించాల్సిన మొత్తం ఎంతో కాగితం మీద పెట్టాను. మిగిలింది డబ్బు కట్టి ఫైల్ చేయడం. అది సోమవారం వచ్చి నేనే చేస్తానన్నాను, నేను రాలేకపోతే ఎవరు చేస్తారో కూడా రాశాను.

నేను పంపిన ఉత్తరం సారాంశం ఇది, మీ వివరాలు పెట్టి వాడుకోండి:

"18వ తేదీ శనివారం సాయంత్రం నా మొదటి పూర్తిస్థాయి నాట్య ప్రదర్శన ఉంది. హాలు, వాద్య బృందం తేదీలు ఖాయమయ్యాయి, వాటిని మార్చడం కుదరదు. 16న వాద్య బృందంతో రిహార్సల్, 17న వేదిక మీద రిహార్సల్, 18న ప్రదర్శన ఉన్నందున ఆ మూడు రోజులూ సెలవు మంజూరు చేయగలరు. 3బికి సంబంధించిన లెక్కలు 15వ తేదీ సాయంత్రానికి మీ ముందు ఉంచుతాను. 20న విధులకు హాజరవుతాను."

చూశారా, ఇందులో ముఖ్యం అన్న మాటే లేదు. "మొదటి పూర్తిస్థాయి" అన్న రెండు మాటలు చాలు. అరంగేట్రం చేస్తున్నాను అని రాస్తే చాలామంది పెద్దలు తమ మనవరాలి స్కూలు వార్షికోత్సవం గుర్తు చేసుకుంటారు. రెండు గంటల పాటు ఒక్కరే వేదికను మోయాలన్న సంగతి వాళ్లకు తట్టదు. నోటితో చెప్పేటప్పుడు ఆ రెండు గంటల మాట తప్పకుండా చెప్పండి. ఆహ్వాన పత్రిక మాత్రం సెలవు మంజూరయ్యాకే ఇవ్వండి. ముందే ఇస్తే మీ విన్నపం పేరంటం పిలుపులా మారిపోతుంది, "చూద్దాంలేమ్మా" అన్న జవాబు వస్తుంది. ఇది నా గట్టి అభిప్రాయం, మా గురువుగారు ఒప్పుకోరు.

అబద్ధం చెప్పమని సలహా ఇచ్చేవాళ్లు మీకూ తగులుతారు. మా క్లాసులో ఒకమ్మాయి జ్వరమని చెప్పి సెలవు పెట్టింది. ఆదివారం రాత్రే వాళ్ల పిన్ని ఆ ఫొటోలన్నీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది. అదీ పక్కన పెట్టండి, పారాణి నాలుగు రోజులైనా పోదు. ఎర్రటి వేళ్లతో కీబోర్డు ముందు కూర్చుని జ్వరమంటే ఎవరు నమ్ముతారు? సోమవారం నా చేతులు చూసి మా ఆఫీసులో టీ ఇచ్చే అబ్బాయి ఇంట్లో పెళ్లా అని అడిగాడు. వయసు దాచగలమేమో కానీ ఆ ఎరుపును దాచలేం.

సోమవారం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, వీలైతే ఆ రోజు కూడా సెలవు తీసుకోండి. పళ్లెం అంచు పడిన చోట అరికాలు వాచి ఉంటుంది. చెప్పులు వేసుకుని మెట్లెక్కడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది. నాకు 20వ తేదీ గొడవ లేకపోతే వెళ్లేదాన్ని కాదు. ఎవరిదైనా గాత్ర కచేరీ అయితే మాత్రం ముందురోజు సెలవే ప్రాణం. రోజంతా కస్టమర్లతో ఫోన్లలో మాట్లాడే ఉద్యోగం చేస్తూ మర్నాడు తారస్థాయి అందుకోవాలంటే గొంతు ఒప్పుకోదు.

మా సార్ వచ్చారు. మూడో వరసలో కూర్చున్నారు. తరంగం అయ్యాక వెళ్లిపోయారట. సోమవారం కాగితాల మీద సంతకం చేస్తూ, "ఆ పళ్లెం జారదా?" అని అడిగారు, అంతే.

చివరగా, సెలవుకు సంబంధం లేకపోయినా అడుగుతున్నాను, సన్మానాలు కార్యక్రమం మధ్యలో పెట్టించకండి. నాకు శబ్దం అనే నాట్యాంశం తర్వాత శాలువాలు కప్పడం మొదలుపెట్టి అరగంట మాట్లాడారు. చెమటతో తడిసిన దుస్తుల్లో, పట్టేసిన పిక్కలతో తెర వెనుక నిలబడి ఆ ఉపన్యాసాలన్నీ విన్నాను. నిర్వాహకులకు ఇప్పుడే చెప్పి, సన్మానాలన్నీ మంగళం తర్వాతకు వేయించుకోండి. అతిథులు అప్పటిదాకా ఆగరని బెదిరిస్తారు. ఆగకపోతే వెళ్లనివ్వండి.