ఫోన్‌లో "రివర్స్ చేస్తాం సార్" అన్నారా, అదే రోజు మెయిల్ కొట్టండి

బెంగళూరు కొత్తగా వచ్చినవాళ్ళకి, ముఖ్యంగా కంపెనీ మారినవాళ్ళకి ఇది తప్పకుండా ఎదురవుతుంది. పాత కంపెనీ శాలరీ అకౌంట్లో జీతం పడడం ఆగిపోతే కొన్ని నెలలకి అది మామూలు సేవింగ్స్ అకౌంట్ అయిపోతుంది, ఆ సంగతి మనం పట్టించుకోం, ఈలోగా మినిమం బ్యాలెన్స్ లేదని ఛార్జీ వేసేస్తారు.

మారతహళ్లిలో మా బిల్డింగ్‌లోనే ఉండే అనంతపురం అబ్బాయికి ఇలాగే రెండు నెలలు కట్ అయింది. నెలకి 500, దానిమీద 18 శాతం జీఎస్టీ 90, అంటే 590 చొప్పున మొత్తం 1180. బ్యాంకు పేరెందుకులెండి. నిజానికి ఆర్బీఐ రూల్ 2015 ఏప్రిల్ నుంచీ ఉంది, బ్యాలెన్స్ తగ్గిందని ముందు మెసేజో మెయిలో లెటరో పంపాలి, సరిచేసుకోడానికి కనీసం నెల టైమివ్వాలి, ఆ తర్వాతే ఛార్జీ. వీడికి ఏ మెసేజూ రాలేదు. కార్డు వెనకున్న నంబర్‌కే చేయమన్నా (గూగుల్లో దొరికే కస్టమర్ కేర్ నంబర్లకి మాత్రం చేయొద్దు, సగం దొంగలే). అవతలమ్మాయి మర్యాదగానే మాట్లాడి, రెండు నెలలవీ రివర్స్ చేస్తాం, ఏడు వర్కింగ్ డేస్‌లో వస్తుంది అంది. వాడు థ్యాంక్యూ అని పెట్టేయబోతుంటే నేను పక్కనుంచి సైగ చేశా, అప్రూవ్ అయిందా లేక రిక్వెస్ట్ పెట్టారా అడుగు అని. రిక్వెస్టే పెట్టారట, బ్యాకెండ్ టీమ్ అప్రూవ్ చేయాలట. ఈ రెండిటికీ చాలా తేడా ఉంది, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. సర్వీస్ రిక్వెస్ట్ నంబర్, ఆవిడ పేరు రాసుకుని పెట్టేశాడు.

వెంటనే మెయిల్. బ్యాంకులో రిజిస్టర్ అయిన ఐడీ నుంచే పంపాలి, వేరేదాన్నుంచి పంపితే ముందు మీరెవరో నిరూపించుకోమంటారు. బ్యాంకు నుంచి వచ్చే నోరిప్లై మెయిల్‌కి జవాబు కొడితే ఎవరూ చదవరు, వాళ్ళ వెబ్‌సైట్లో ఇచ్చిన కస్టమర్ కేర్ అడ్రస్‌కి కొట్టండి, లేదా నెట్ బ్యాంకింగ్‌లో మెసేజ్ పెట్టండి. సబ్జెక్టులో రిక్వెస్ట్ నంబర్ వేయండి. లోపల ఇంగ్లీషులో వాడు రాసింది దాదాపు ఇదీ: "ఈరోజు ఉదయం 11:20కి నా రిజిస్టర్డ్ నంబర్ నుంచి మీ కస్టమర్ కేర్‌తో మాట్లాడాను, ఫలానావారు మాట్లాడారు. ఆగస్టు, సెప్టెంబర్ నెలల మినిమం బ్యాలెన్స్ ఛార్జీలు జీఎస్టీతో కలిపి 1180 రూపాయలు వెనక్కివ్వడానికి రిక్వెస్ట్ పెట్టామని, ఏడు పనిదినాల్లో క్రెడిట్ అవుతుందని చెప్పారు. ఇందులో ఏదైనా తేడా ఉంటే ఈ మెయిల్‌కే జవాబివ్వండి." అకౌంట్ నంబర్ చివరి నాలుగంకెలు చాలు, ఓటీపీ, పిన్ లాంటివి అస్సలు రాయొద్దు. టైమ్ ఎందుకంటే కాల్ రికార్డింగ్ వాళ్ళ దగ్గరే ఉంటుంది, తేదీ టైమ్ ఉంటే వెతకడం తేలిక. వాళ్ళు రిక్వెస్ట్ అంటే మీరు అప్రూవ్ అయిందని రాయకండి, రికార్డింగ్ విన్నాక మీ మాటే తేలిపోతుంది.

ఇక డబ్బు వచ్చిందేమో అని స్టేట్‌మెంట్ చూస్తే 590 మాత్రమే పడింది. పాలసీ ప్రకారం ఒక్క నెలకే ఇస్తాం అన్నారు మళ్ళీ ఫోన్ చేస్తే. వాడు కొత్త మెయిల్ కాకుండా పాతదాని కిందే రాశాడు, మీ ప్రతినిధి రెండు నెలలని చెప్పారు, నేను రాసినదాంట్లో తేడా ఉందని మీరు జవాబివ్వలేదు, రికార్డింగ్ చూడండి, మిగతా 590 ఎప్పుడిస్తారు అని. నాలుగైదు రోజులకి పడింది. ఒక్కోసారి 500 మాత్రం వేసి జీఎస్టీ 90 వదిలేస్తారు, అందుకే మెయిల్లో "జీఎస్టీతో కలిపి" అనేది మర్చిపోవద్దు.

ఇంత రాసినా ఇవ్వకపోతే మెయిల్లోనే కంప్లైంట్‌గా పెట్టి బ్యాంకుకి 30 రోజులివ్వండి. జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా cms.rbi.org.in లో ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా పెట్టొచ్చు, కానీ ముందు బ్యాంకుకి కంప్లైంట్ చేసినట్టు ఆధారం అడుగుతారు, మీ మెయిలూ రిక్వెస్ట్ నంబరూ ఇక్కడ పనికొస్తాయి. ఫోన్లో అలా అన్నారండీ అంటే నడవదు.

ఇంకోటి, రివర్స్ అయినా అకౌంట్లో బ్యాలెన్స్ అలాగే ఉంటే వచ్చే నెల మళ్ళీ పడుతుంది. ఆ అకౌంట్ వాడకపోతే ఆటో డెబిట్లు ఏవీ లేవని చూసుకుని, బ్రాంచికెళ్ళి క్లోజర్ ఫారం ఇచ్చి, జిరాక్స్ మీద స్టాంపు వేయించుకుని రండి.