అప్‌డేట్ ఆపొద్దు, అందరికీ ఒకే రోజు పంపొద్దు

ప్రశ్న: మాది చెన్నై అంబత్తూర్‌లో ఆటో విడిభాగాల కంపెనీ. 60 పీసీలు, రెండు సర్వర్లు ఉన్నాయి, ఐటీ మొత్తం నేనొక్కడినే చూసుకుంటాను. పోయిన నెల విండోస్ అప్‌డేట్ పడ్డాక డిస్పాచ్‌లో ప్రింటర్ ఆగిపోయింది. ఇన్వాయిస్ ప్రింట్ రాక లారీలు గేటు దగ్గరే ఉండిపోయాయి. ‘ఇక అప్‌డేట్లన్నీ ఆపెయ్’ అంటున్నారు మా ఎండీ గారు. ఆపేయొచ్చా సార్? క్వాలిటీ రూమ్‌లో కొలతల మెషిన్‌కి తగిలించిన విండోస్ 7 పీసీ ఒకటుంది. దాన్ని ముట్టుకోవద్దని మెషిన్ అమ్మినవాళ్లు చెప్పారు. దాన్నేం చేయాలి?
— ఒక పాఠకుడు, అంబత్తూర్

జవాబు: ఆపేయొద్దు. ఎండీ గారి కోపం న్యాయమైనదే, ఆయన చెప్పిన మందు మాత్రం పనికిరాదు. అప్‌డేట్‌ని ముందు ఎక్కడా వాడి చూడకుండా, డిస్పాచ్‌తో సహా అందరికీ ఒకేసారి వదలడం వల్లే లారీలు ఆగాయి. మార్చాల్సింది ఆ పద్ధతిని.

మైక్రోసాఫ్ట్ నెలవారీ భద్రతా అప్‌డేట్లు ప్రతి నెలా రెండో మంగళవారం వస్తాయి. మన టైమ్‌లో అది రాత్రి పదిన్నర, వాళ్ల చలికాలంలో పదకొండున్నర. అంటే బుధవారం పొద్దున ఆఫీసు తెరిచేసరికి అవి సిద్ధంగా ఉంటాయి. మీ డొమైన్‌లో పీసీలను నాలుగు గుంపులు చేయండి. మొదటి గుంపులో ఐదు పీసీలుంటే చాలు, వాటికి అప్‌డేట్ వెంటనే వెళ్తుంది. రెండో గుంపులో ఇరవై పీసీలు పెట్టి ఐదు రోజులు ఆలస్యం ఇవ్వండి. ఆ ఐదు రోజులు ఆదివారంతో తీరతాయి, ఆఫీసు తెరిచాక వాటికి సోమవారం అందుతుంది. అకౌంట్స్ తప్ప మిగతావాళ్లు మూడో గుంపు, వాళ్లకు ఎనిమిది రోజులు. అకౌంట్స్ నాలుగోది, దాని సంగతి తర్వాత చెప్తాను.

ఈ ఆలస్యాన్ని పెట్టే చోటు గ్రూప్ పాలసీలో `Select when Quality Updates are received`. గరిష్ఠంగా 30 రోజుల వరకు ఇవ్వొచ్చు. దాంతోపాటు `Specify deadlines for automatic updates and restarts` కూడా పెట్టండి. రెండు రోజుల గడువు, ఒక రోజు గ్రేస్ చాలు. ఈ గడువు పెట్టకపోతే ‘రీస్టార్ట్ లేటర్’ నొక్కుతూ నెలంతా గడిపేసేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. రీస్టార్ట్ అయ్యేదాకా ప్యాచ్ పూర్తిగా పడినట్టు కాదు. ఒక జాగ్రత్త: హోమ్ ఎడిషన్‌లో ఈ పాలసీలు పనిచేయవు. 60 పీసీల్లో ఎవరో షోరూమ్‌లో కొనుక్కొచ్చిన హోమ్ ల్యాప్‌టాప్‌లు రెండు మూడైనా ఉంటాయి, వాటిని ముందు వెతికి పట్టుకోండి.

మొదటి గుంపులో ఎవరుండాలన్నదే అసలు విషయం. చాలామంది అక్కడ ఐటీ వాళ్ల పీసీలు పెడతారు. ఐటీ పీసీలో ఇన్వాయిస్ కొట్టరు, డీఎస్‌సీ టోకెన్ గుచ్చరు, లేబుల్ ప్రింటర్ ఉండదు. అందులో అంతా బాగుందంటే దానికి విలువేమీ లేదు. డిస్పాచ్‌లో రెండు పీసీలుంటే ఒకటి, అకౌంట్స్‌లో ఒకటి, స్టోర్స్‌లో ఒకటి, డిజైన్‌లో ఒకటి, ఇంటి నుంచి వీపీఎన్‌లో పనిచేసే ల్యాప్‌టాప్ ఒకటి పెట్టండి. బుధవారం పొద్దున ఆ ఐదుగురి చేత వాళ్ల మామూలు పనే చేయించండి: ఒక బిల్లు ప్రింట్, ఈ-వే బిల్ సైట్‌లో లాగిన్, టోకెన్‌తో ఒక సంతకం, షేర్డ్ ఫోల్డర్‌లో ఒక ఫైల్ సేవ్. పావుగంట పని. పక్కనే అప్‌డేట్ పడని పీసీ ఉంటుంది కాబట్టి, ఏదైనా ఆగితే అదే పనిని అక్కడ చేసి చూడొచ్చు. అక్కడ కూడా ఆగితే తప్పు అప్‌డేట్‌ది కాదు.

2021 మార్చిలో జరిగింది చూడండి. మార్చి 9న విండోస్ 10కి వచ్చిన KB5000802 అప్‌డేట్ వేసుకున్నాక, కొన్ని బ్రాండ్ల ప్రింటర్లకు ప్రింట్ ఇవ్వగానే పీసీ నీలం తెరతో పడిపోయేది. మైక్రోసాఫ్ట్ సవరణ ఇచ్చింది మార్చి 15న. అప్పుడు మీకు నేను చెప్పిన గుంపులు ఉండి ఉంటే, 10వ తేదీ పొద్దున డిస్పాచ్‌లో ఒక పీసీ పడిపోయేది, రెండో పీసీలో బిల్లులు నడిచేవి. మీరు ఆలస్యం పెట్టిన పాలసీలోనే ఉన్న పాజ్ తేదీని ఆ రోజుకి పెట్టేవారు. 15న సోమవారం రెండో గుంపుకి వెళ్లాల్సింది వెళ్లేది కాదు. నష్టం ఒక్క పీసీతో పోయేది. పాజ్ 35 రోజుల వరకే పనిచేస్తుంది, ఆ తర్వాత దానంతటదే ఎత్తేస్తుంది. పడిపోయిన పీసీలో సెట్టింగ్స్‌లోని అప్‌డేట్ హిస్టరీకి వెళ్లి దాన్ని తీసేయొచ్చు. కమాండ్‌తో తీయాలనుకుని `wusa /uninstall` కొడితే ఈమధ్య అప్‌డేట్లకు అది పని చేయదు, వాటిలో సర్వీసింగ్ స్టాక్ కలిసి ఉంటుంది. దానికి బదులు `DISM` కమాండ్ వాడాలి.

ఇక అకౌంట్స్. నెలనెలా రిటర్న్ వేసే కంపెనీకి జీఎస్‌టీఆర్-3బి గడువు 20వ తేదీ. రెండో మంగళవారం 8 నుంచి 14 లోపు ఎప్పుడైనా పడుతుంది. అందరూ పెట్టే ఏడు రోజుల ఆలస్యం ఇక్కడ కూడా పెడితే అప్‌డేట్ 15–21 మధ్య వస్తుంది. 2026 జనవరి చూడండి, రెండో మంగళవారం 13, దానికి ఏడు కలిపితే సరిగ్గా 20. రిటర్న్ వేసే రోజే రీస్టార్ట్! అందుకే అకౌంట్స్‌కి 13 రోజులు పెట్టండి. ఏ నెల లెక్క వేసినా 21కి ముందు రాదు. గడువు ఒక్క రోజు ఇస్తే మొత్తం రెండు వారాల్లో పూర్తవుతుంది. అంతకన్నా ఆలస్యం నేనైతే ఒప్పుకోను. జనవరిలో ఇంకో చిక్కుంది. అప్‌డేట్ వెనకాలే పొంగల్ సెలవులు. మొదటి గుంపు పీసీలు ఆఫ్‌లో ఉంటే పరీక్ష జరగనట్టే, కాబట్టి ఆ నెల రెండో, మూడో గుంపులను ఇంకో నాలుగు రోజులు వెనక్కి జరపండి.

సర్వర్లకు ఆటోమేటిక్ వద్దు. పన్నెండో రోజు ఆదివారం వస్తుంది, ఆరోజు బ్యాకప్ సరిగ్గా తిరిగి తెరుచుకుంటోందో లేదో చూసుకుని చేత్తో వేయండి. డొమైన్ కంట్రోలర్లు రెండైతే ఒకదాని తర్వాత ఒకటి. 2022 జనవరి 11 అప్‌డేట్‌తో కొన్ని డొమైన్ కంట్రోలర్లు వాటంతటవే పదేపదే రీస్టార్ట్ అయ్యాయి, సవరణ 17న వచ్చింది. ఆదివారం దాకా ఆగినవాళ్లకు ఆ టెన్షన్ లేదు.

ఈ ఆలస్యాలన్నీ మామూలు నెలలకే. దాడులు అప్పటికే నడుస్తున్న లోపం బయటపడితే లెక్క మారుతుంది. అప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. దాన్ని ఎవరైనా నిజంగా వాడుకుంటున్నారా? ఆ భాగం మన దగ్గర ఉందా? బయటి నుంచో, ఒక్క మామూలు యూజర్ పీసీ నుంచో దాన్ని అందుకోవచ్చా? మూడింటికీ అవునంటే రోజులు కాదు, గంటల్లో పని జరగాలి. దాడుల్లో వాడుతున్నట్టు తేలిన లోపాలతో అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ CISA నడిపే ‘కెవ్’ జాబితాలో ఆ లోపం చేరిందంటే మొదటి ప్రశ్నకు జవాబు వచ్చేసినట్టే.

2021 జూలైలో ప్రింట్‌నైట్‌మేర్ ఇలాగే వచ్చింది. ప్రింట్ స్పూలర్‌లో లోపం, మామూలు యూజర్ పాస్‌వర్డ్ చేతిలో ఉంటే డొమైన్ కంట్రోలర్‌నే స్వాధీనం చేసుకోవచ్చు. జూలై 1 నాటికి మైక్రోసాఫ్ట్ హెచ్చరిక ఉంది కానీ ప్యాచ్ లేదు. అది 6న, కొన్ని వెర్షన్లకు 7న వచ్చింది. ఆ మధ్య రోజుల్లో చేయగలిగింది తలుపు మూయడమే. డొమైన్ కంట్రోలర్ ప్రింట్ చేయాల్సిన పనే లేదు కనుక అక్కడ స్పూలర్‌ని ఆపేయడం:

```
Stop-Service -Name Spooler -Force
Set-Service -Name Spooler -StartupType Disabled
```

ప్రింట్ సర్వర్‌లో ఇది చేస్తే బిల్లులు ఆగుతాయి కాబట్టి అక్కడ ఆపలేరు. అలాంటి సర్వర్‌కే ప్యాచ్ ముందు వేయాలి. అత్యవసరంలో కూడా పరీక్ష మానకండి, కుదించండి. పొద్దున తొమ్మిదికి మొదటి గుంపు, పదకొండుకల్లా ఆ పావుగంట పనులన్నీ చేసి చూడటం, మధ్యాహ్నం భోజనాల వేళ ప్రింట్ సర్వర్, సాయంత్రానికి మిగతా అందరికీ ఆలస్యం సున్నా, గడువు సున్నా. పని పూర్తయ్యాక ఆలస్యాలు పాత అంకెలకు తెచ్చారో లేదో చూసుకోండి. చాలాచోట్ల అక్కడే మర్చిపోతారు.

దీనికే ఒక తోక ఉంది. 2021 ఆగస్టు అప్‌డేట్ నుంచి నెట్‌వర్క్ ప్రింటర్ డ్రైవర్ వేయాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. అది పాడవడం కాదు, కావాలని పెట్టిన కాపలా. మీ డిస్పాచ్‌లో ఆగినప్పుడు తెర మీద పాస్‌వర్డ్ అడిగిందేమో కనుక్కోండి. అదే అయితే సర్వర్‌లో ఉన్న డ్రైవర్ వెర్షన్‌నే పీసీల్లో అడ్మిన్‌గా ఒకసారి వేసేస్తే సరిపోతుంది. రిజిస్ట్రీలో `RestrictDriverInstallationToAdministrators`ని 0 చేస్తే ప్రింటర్ వెంటనే పలుకుతుంది, ఆ లోపం కూడా మళ్లీ తెరుచుకుంటుంది. చేయకండి.

చివరగా విండోస్ 7. దానికి మామూలు మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. ముందు మెషిన్ కంపెనీకి మెయిల్ రాసి, వాళ్ల సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో నడిచే వెర్షన్ ఉందా అని రాతపూర్వకంగా అడగండి. ‘ముట్టుకోవద్దు’ అన్నది సర్వీసుకు వచ్చినతని నోటిమాట కావచ్చు. లేదనే అంటే, ఆ పీసీని నయం చేయలేం, విడిగా ఉంచాలి. దాన్ని వేరే వీలాన్‌లో పెట్టి ఇంటర్నెట్ పూర్తిగా తీసేయండి. ఆఫీసు వైపు నుంచి దానిలోకి ఏ కనెక్షనూ రాకూడదు. కొలతల రిపోర్టులు బయటికి రావాలి కాబట్టి, ఆ పీసీ నుంచి ఒకే ఒక్క ఫైల్ సర్వర్ పోర్ట్ 445కి మాత్రం దారి వదలండి. దీనికోసం ఎస్‌ఎంబీ వెర్షన్ 1ని సర్వర్‌లో తెరవాల్సిన పని లేదు, విండోస్ 7కి వెర్షన్ 2 వచ్చు. ఎక్స్‌పీ అయితే ఆ చిక్కు ఉండేది. 2017 మే 12న వన్నాక్రై పాకింది వెర్షన్ 1 దారిలోనే, దానికి ప్యాచ్ మార్చి 14నే వచ్చి ఉంది. షేర్‌కి వాడే యూజర్‌కి ఆ ఒక్క ఫోల్డర్‌లో రాసే హక్కు తప్ప ఇంకేమీ ఉండకూడదు, ఆ పీసీలో డొమైన్ అడ్మిన్‌గా ఎప్పుడూ లాగిన్ కావద్దు. పెన్‌డ్రైవ్‌లు బంద్.

వేరు చేశానని నమ్మకుండా, ఆఫీసు పీసీ నుంచి ఒకసారి తట్టి చూడండి. ఇక్కడ ఐపీ చోట ఆ విండోస్ 7 పీసీ ఐపీ పెట్టుకోండి:

```
Test-NetConnection -ComputerName 192.168.50.10 -Port 445
```

జవాబులో `TcpTestSucceeded : False` రావాలి. `True` వస్తే ఫైర్‌వాల్‌లో రూల్ ఎక్కడో తప్పింది. పోర్ట్ 3389తో కూడా ఇలాగే చూడండి. స్విచ్ మార్చినా, కొత్త ఫైర్‌వాల్ పెట్టినా ఈ పరీక్ష మళ్లీ చేయాలి.

ఇంకోటి, ఆ పీసీకి వైరస్ కన్నా ముందు హార్డ్ డిస్క్ వయసే శత్రువు కావచ్చు. మెషిన్ ఆగి ఉన్న ఓ ఆదివారం డిస్క్‌ని పూర్తిగా క్లోన్ చేసి, ఆ క్లోన్‌తోనే పీసీని ఆన్ చేసి మెషిన్ కొలత తీస్తోందో లేదో చూసి, పాత డిస్క్‌ని బీరువాలో పెట్టండి.