పెన్షన్ కాలమ్‌కి వడ్డీ ఎందుకు పడదు?

ప్రశ్న: సర్, నాకు 23 ఏళ్లు. పరవాడ ఫార్మాసిటీలో 14 నెలలుగా చేస్తున్నాను. ఇదే మొదటి ఉద్యోగం. బేసిక్ 15,000, చేతికి 22,000 వస్తుంది. రూము, తిండి, బస్సు కలిపి 14,000 ఖర్చు. నాన్నగారు భీమిలిలో రిటైరైన ప్రభుత్వ టీచరు. ఆయన పేరున ఎక్కడా పెన్షన్ అకౌంట్ లేదు, అయినా నెలనెలా పెన్షన్ పడుతోంది. నా పీఎఫ్ పాస్‌బుక్‌లో పెన్షన్ కాలమ్‌లో 17,500 ఉంది గానీ దానికి రూపాయి వడ్డీ పడలేదు. ఎందుకిలా? వచ్చే నెల అచ్యుతాపురంలో 20,000 బేసిక్‌తో వేరే కంపెనీలో చేరుతున్నాను. పీఎఫ్, పెన్షన్ మొత్తం తీసేసి లోన్ యాప్ అప్పు కట్టేయమని రూమ్మేట్స్ అంటున్నారు. అప్పు 30,000, నెలకు 3,000 చొప్పున 12 కిస్తీలు, 5 కట్టాను. తీసేయమంటారా? – గాజువాక నుంచి ఒక పాఠకుడు

జవాబు: తీయొద్దు. మీ పాస్‌బుక్‌లో పక్కపక్కనే ఉన్న కాలమ్‌లలో ఉన్నది ఒకే రకం డబ్బు కాదు. మొదటి రెండు కాలమ్‌లు మీ సొమ్ము. మూడోది మీ సర్వీసుకు లెక్క. ఈ తేడా తెలియకే మొదటి ఉద్యోగం మారేటప్పుడు చాలామంది రెండూ ఊడ్చేసుకుంటారు. అందుకే మీ ఉత్తరం తీసుకున్నాను.

ముందు నాన్నగారి పెన్షన్ సంగతి చూద్దాం. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1కి ముందు చేరిన ఉద్యోగులు పాత పెన్షన్ విధానంలో ఉన్నారు. వాళ్ల జీతంలోంచి పెన్షన్ పేరుతో కోత ఉండదు. జీపీఎఫ్ కోత ఉండేది గానీ అది ఆయన విడిగా దాచుకున్న డబ్బు. ఈ నెల ఆయనకు పడిన పెన్షన్ ఈ ఏడాది ప్రభుత్వ ఖజానాకు వచ్చిన రాబడిలోంచి వెళ్లింది. ఆయన కోసం 30 ఏళ్లుగా ఎవరూ ఎక్కడా డబ్బు పోగేయలేదు. ఉన్నది ఒక మాట: పూర్తి సర్వీసు ఉంటే చివరి బేసిక్‌లో సగం, దాని మీద కరవు భత్యం. దీన్నే పే యాజ్ యూ గో అంటారు. ఏ ఏడాది వసూళ్లు ఆ ఏడాదికే సరి.

ఇలాంటి పద్ధతిలో పెన్షన్ ఎంత ఇవ్వగలరన్నది షేర్ మార్కెట్ మీద కాదు, తలల లెక్క మీద ఆధారపడుతుంది. వంద మంది ఉద్యోగులు తలా 100 రూపాయలు సంపాదించి అందులో 10 ఇస్తే 1,000 పోగవుతుంది. పెన్షనర్లు 20 మంది ఉంటే తలా 50 అందుతుంది. పదేళ్లకు ఉద్యోగులు వంద మందే ఉండి పెన్షనర్లు 40 మంది అయితే తలా 25 మాత్రమే. లేదంటే ఉద్యోగుల దగ్గర 10 బదులు 20 తీసుకోవాలి. మూడో దారి పెన్షన్ వయసు పెంచడం. కొత్తగా చేరేవాళ్లకు ప్రభుత్వాలు పద్ధతి మార్చడానికి కారణం ఈ లెక్కే. అయితే నాన్నగారికి ఇందులో ఒక పెద్ద రక్ష ఉంది. 23 ఏళ్లప్పుడు బండి కొనుక్కోవాలనిపించినా ఆ పెన్షన్ మీద ఆయన చెయ్యి వేయగలిగేవారు కాదు. తీయడానికి అక్కడ డబ్బే లేదు మరి.

మీ ఈపీఎఫ్ దీనికి పూర్తిగా తలకిందులు. నెలకు మీ జీతంలోంచి 12 శాతం, అంటే 1,800. కంపెనీ కూడా 1,800 ఇస్తుంది. అందులో 8.33 శాతం కింద 1,250 ఈపీఎస్ అనే పెన్షన్ పథకానికి పోగా మిగిలిన 550 మీ పీఎఫ్‌లో పడుతుంది. అంటే నెలకు 2,350 మీ పేరున, మీ అకౌంట్లో జమవుతుంది, దానికి ఏటా వడ్డీ చేరుతుంది. రాష్ట్రంలో ఉద్యోగులు పెరిగినా తగ్గినా దీనికి సంబంధం లేదు. ఎంత వేశారు, ఎన్నాళ్లు ఉంచారు, వడ్డీ ఎంత, ఈ మూడే లెక్క. 14 నెలలకు వడ్డీ కాకుండా 32,900 అయింది. దీన్ని కదపకుండా 58 ఏళ్ల దాకా ఉంచితే, వడ్డీ ఇప్పటికన్నా తగ్గి 7 శాతమే వచ్చిందనుకున్నా, సుమారు మూడున్నర లక్షలవుతుంది. ధరలు ఏటా 5 శాతం పెరుగుతాయనుకుంటే ఆ మూడున్నర లక్షలు ఇవాళ్టి 63,000తో సమానం. చూడటానికి పదింతలు, కొనే శక్తిలో దాదాపు రెట్టింపు. సొంత అకౌంట్ పద్ధతిలో ధరల భారం మోసేది మీరే, కరవు భత్యం ఎవరూ ఇవ్వరు. మీరు ఎంతకాలం బతుకుతారన్న లెక్కా మీదే. డబ్బు 75 ఏళ్లకు అయిపోతే అకౌంట్ అక్కడితో ఆగిపోతుంది.

ఇక మీరు అడిగిన పెన్షన్ కాలమ్. ఈపీఎస్ అచ్చంగా నాన్నగారి పద్ధతి కాదు, ఇక్కడ నిధి ఉంది, దాన్ని మదుపు చేస్తారు. కానీ అది అందరిదీ కలిపిన ఉమ్మడి నిధి, అందులో మీ పేరున విడి వాటా లేదు. మీకు వచ్చే పెన్షన్ ఒక సూత్రం ప్రకారం వస్తుంది: పెన్షన్ లెక్కకు తీసుకునే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. జీతం 15,000, సర్వీసు 10 ఏళ్లయితే 58 ఏళ్ల నుంచి నెలకు 2,143. సర్వీసు 30 ఏళ్లయితే, 20 ఏళ్లు దాటినందుకు ఇచ్చే రెండేళ్ల బోనస్ కలిపి నెలకు 6,857. ఈ లెక్కలో 17,500 ఎక్కడా రాలేదు, వడ్డీ కూడా రాలేదు. మీరు చూడాల్సింది ఆ కాలమ్‌లోని రూపాయలు కాదు, వాటి వెనక ఉన్న నెలలు.

ఇక్కడ పదేళ్ల గీత చాలా ముఖ్యం. తొమ్మిదిన్నర ఏళ్లుంటే పదిగా లెక్కేస్తారు. అంతకన్నా తక్కువైతే నెలవారీ పెన్షన్ లేదు, పట్టిక ప్రకారం ఒకసారి కొంత మొత్తం ఇచ్చి పంపేస్తారు. మీరు ఇప్పుడు ఫారం 10సి పెట్టి ఆ డబ్బు తీసుకుంటే ఈ 14 నెలల సర్వీసు చెరిగిపోతుంది, అచ్యుతాపురంలో మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాలి. ఉమ్మడి నిధికి లోపం కూడా ఉంది, అది దాచను. జీతం పరిమితిని 2014 సెప్టెంబరులో 6,500 నుంచి 15,000 చేశారు, ఆ తర్వాత ఏళ్ల తరబడి అది అక్కడే ఉండిపోయింది. మీ బేసిక్ రేపు 60,000 అయినా లెక్క ఆ పరిమితి దగ్గరే ఆగుతుంది. మాట మీద నడిచే పెన్షన్‌లో ఆ మాటను సవరించే చెయ్యి మీది కాదు. అందుకని ఈపీఎస్‌ను పునాదిగా చూడండి. ముసలితనానికి అసలు ఆధారం మీ పీఎఫే.

ఆ పీఎఫ్‌కు పెద్ద శత్రువు మార్కెట్టూ కాదు, ప్రభుత్వమూ కాదు, మధ్యలో తీసేసే అలవాటు. చిలీ దేశం 1981లో పే యాజ్ యూ గో నుంచి సొంత అకౌంట్లకు మారింది. కరోనా సమయంలో 2020 జులై, డిసెంబరు, మళ్లీ 2021 ఏప్రిల్‌లో, మూడుసార్లు పది శాతం చొప్పున తీసుకోవడానికి అక్కడ అనుమతించారు. పది శాతం చిన్న మొత్తమే అయినా ఒక కనీస మొత్తం దాకా తీసుకోనివ్వడంతో, తక్కువ జీతాల వాళ్లలో చాలామంది అకౌంట్లు సున్నా అయిపోయాయి. వాళ్ల అవసరం నిజమైనదే. పక్కన వేరే డబ్బు లేకపోవడంతో ముసలితనపు డబ్బే ఆపద్ధనం అయిపోయింది. మీ రూమ్మేట్స్ చెబుతున్నదీ అదే.

లోన్ యాప్ లెక్క చూడండి. 30,000కి 6,000 వడ్డీ, 20 శాతమే కదా అనిపిస్తుంది. కానీ 30,000 ఏడాదంతా మీ దగ్గర లేదు, ప్రతి కిస్తీతో అసలు తగ్గుతోంది. తగ్గే అసలు మీద లెక్కేస్తే ఏడాదికి సుమారు 35 శాతం పడింది. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే 35 శాతానికి అప్పు చేయడం నాకు ఏమాత్రం నచ్చలేదు, మళ్లీ ఆ యాప్ జోలికి పోకండి. అయినా ఇప్పుడు మిగిలింది ఏడు కిస్తీలు, 21,000. ఇవాళ ఒకేసారి తీర్చాలంటే అసలు సుమారు 18,750. అంటే పీఎఫ్ పగలగొడితే మీకు మిగిలేది 2,250, ముందుగా తీర్చే చార్జీ ఉంటే అదీ తగ్గుతుంది. పోయేది 32,900 మీద 35 ఏళ్ల వడ్డీ. అప్పు పోగా చేతిలో మిగిలే 14,150 నెల తిరగకుండా ఖర్చైపోతుంది. పైగా పూర్తి సెటిల్‌మెంట్ ఉద్యోగం లేనివాళ్ల కోసం పెట్టింది. మీరు నేరుగా మరో పీఎఫ్ కంపెనీలో చేరుతున్నారు.

మీకు కావాల్సింది ఆపద్ధనం. ఇది నేను ప్రతి జవాబులోనూ చెబుతాను, మీకు మరీ గట్టిగా చెబుతున్నాను. జీతంలో ఖర్చు, కిస్తీ పోగా మీకు 5,000 మిగలాలి. అందులో 2,000తో ఇవాళే రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. ఏడు నెలల్లో అప్పు తీరుతుంది, అప్పటికి 14,000 ఉంటుంది, అంటే ఒక నెల ఖర్చు. ఎనిమిదో నెల నుంచి కిస్తీ 3,000 కూడా కలిపి 5,000 వేయండి. 21వ నెలకు 84,000, ఆరు నెలల ఖర్చు. కొత్త జీతం పెరుగుదల ఇందులో లెక్కేయలేదు, అది కలిస్తే ఇంకా ముందే అవుతుంది. ఈ డబ్బు జీతం పడే బ్యాంకులో ఉంచకండి, వేరే బ్యాంకులో పెట్టి ఆ అకౌంట్‌ను ఫోన్‌పే, గూగుల్ పేలకు తగిలించకండి. ఇది ఉన్నప్పుడే ఉద్యోగం పోయినా, ఒంట్లో బాగోకపోయినా పీఎఫ్ దాకా చెయ్యి వెళ్లదు. ఎన్‌పీఎస్, మ్యూచువల్ ఫండ్లు ఇది పూర్తయ్యాకే. అమ్మానాన్నలు మీ మీద ఆధారపడి లేరు కాబట్టి టర్మ్ పాలసీ పెళ్లి దాకా ఆగొచ్చు, కంపెనీ ఆరోగ్య బీమా ఉందో లేదో మాత్రం కనుక్కోండి.

కొత్త కంపెనీలో చేరేటప్పుడు ఒక్క చోట జాగ్రత్తగా ఉండాలి. చేరిన రోజు ఫారం 11 ఇస్తారు, ఇంతకుముందు పీఎఫ్, పెన్షన్ పథకాల్లో సభ్యుడినని రాసి పాత యూఏఎన్ ఇవ్వండి. మీ కొత్త బేసిక్ 20,000. మొదటిసారి చేరేవాళ్ల బేసిక్ 15,000 దాటితే వాళ్లకు ఈపీఎస్ ఉండదు. మీరు పాత సభ్యులు కాబట్టి మీకు కొనసాగుతుంది. పాత వివరం ఇవ్వకపోతే హెచ్ఆర్ మిమ్మల్ని కొత్తవారిగా వేసి పెన్షన్ కాలమ్‌లో సున్నా పెడతారు, సర్వీసు తెగిపోతుంది. రెండో నెల పాస్‌బుక్‌లో 1,250 కనిపించకపోతే అప్పుడే అడగండి.

పాత కంపెనీ మీరు మానేసిన తేదీ వేసిందో లేదో పీఎఫ్ పోర్టల్‌లో `View` కింద `Service History`లో చూడండి. వేయకపోతే, వాళ్ల చివరి వాటా పడిన రెండు నెలల తర్వాత `Manage` కింద `Mark Exit`తో మీరే వేసుకోవచ్చు. తర్వాత `Online Services`లో `One Member - One EPF Account (Transfer Request)` పెట్టండి. బదిలీ అయ్యాక పాత పీఎఫ్ కొత్త పాస్‌బుక్‌లో కనిపిస్తుంది, పాత పెన్షన్ 17,500 మాత్రం కనిపించదు, ఆ గడిలో సున్నా ఉంటుంది. కంగారుపడి ఫిర్యాదు పెట్టొద్దు. బదిలీ అయ్యేది సర్వీసు, అది అనెక్జర్ కె అనే కాగితంలో ఉంటుంది. దాన్ని డౌన్‌లోడ్ చేసి చేరిన తేదీ, మానేసిన తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో సరిచూసి దాచుకోండి.