నూనె బాణలి అంటుకుంటే: కొత్తగా వంట మొదలుపెట్టిన మేనకోడలికి

అమ్మాయీ,

మారతహళ్ళి ఫ్లాట్‌లో ముగ్గురూ కలిసి వంట మొదలుపెట్టారని మీ అమ్మ చెప్పింది. పప్పు మాడినా, అన్నం ముద్దైనా నాకేం బెంగ లేదు, తింటూ తింటూ మీరే నేర్చుకుంటారు. కానీ ఈ ఆదివారం మిరపకాయ బజ్జీలు వేస్తారట కదా, అందుకే ఈ ఉత్తరం. ఏళ్ళ తరబడి మెస్ వంటింట్లో బాణలి ముందు నిలబడ్డవాణ్ణి, నూనె సంగతి మాత్రం ముందే చెప్పాలి.

మంట ఎగిరి తగిలితేనే నూనె అంటుకుంటుందని చాలామంది అనుకుంటారు. అలా ఏం లేదు. బజ్జీలు వేగడానికి 170 నుంచి 190 డిగ్రీల వేడి చాలు. మీరు వాడే రిఫైన్డ్ సన్‌ఫ్లవర్ నూనె 230 దగ్గర పొగ మొదలుపెడుతుంది. ఇంకా కాగనిస్తే, సుమారు 350 దాటాక ఏ మంటా తగలకుండానే తనంతట తనే భగ్గుమంటుంది. నూనెను బట్టి, ఎన్నిసార్లు కాచామన్నదాన్ని బట్టి ఈ అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి. వాడిన నూనె కొత్తదానికంటే త్వరగా పొగ పెడుతుంది. ఇండక్షన్ స్టవ్ అయితే మంటే ఉండదు కాబట్టి భయం లేదనుకోకు, వేడి ఎక్కువైతే దాని మీదా అంటుకుంటుంది.

కాబట్టి కనిపెట్టాల్సింది పొగ. మొదట బాణలి అంచు దగ్గర సన్నగా, నీలంగా లేస్తుంది. అప్పుడే స్టవ్ ఆపెయ్, బాణలిని కదపకు, దానంతట అది చల్లారనివ్వు. త్వరగా చల్లబడుతుందని పిండి వెయ్యకు. ఆ వేడికి తడి పిండి పడితే నూనె పొంగి బర్నర్ మీదికి వస్తుంది. పొగ చిక్కబడి, ఘాటుగా, కళ్ళు మండేలా ఉందంటే మంటకు ఇక ఎక్కువసేపు పట్టదు.

ఇప్పుడు ఇలా జరిగిందనుకో. అర లీటరు నూనె పోసి, పెద్ద బర్నర్ ఫుల్లుగా పెట్టావు. ఇంతలో గేటు దగ్గర సెక్యూరిటీ ఫోన్ చేశాడు, పార్సిల్ వచ్చిందని. కిందికి వెళ్ళి, ఓటీపీ చెప్పి, లిఫ్ట్ కోసం నిలబడి పైకి వచ్చేసరికి పది నిమిషాలు. ఆ నూనెకు అంత టైమ్ కూడా అక్కర్లేదు. తలుపు తీస్తే వంటింటి నిండా పొగ, బాణలి మీద జానెడు మంట.

అప్పుడు ఎవరి చెయ్యైనా ముందు సింక్ దగ్గరి మగ్గు మీదికే పోతుంది. నీ ఫ్రెండ్స్‌కి ఇప్పుడే చెప్పిపెట్టు, నీళ్ళు వద్దే వద్దని. నీళ్ళు నూనెకంటే బరువు, పోయగానే అడుక్కి దిగుతాయి. అక్కడున్న వేడి వాటిని మరిగించే వేడికి మూడింతలకు పైనే. దిగిన నీళ్ళు దిగినట్టే ఆవిరైపోతాయి. నీరు ఆవిరైతే దాదాపు 1700 రెట్లు పెరుగుతుంది. చిన్న టీ గ్లాసుడు, అంటే 100 మిల్లీలీటర్ల నీళ్ళు, 170 లీటర్ల ఆవిరన్నమాట. అంత ఆవిరి కిందినుంచి తన్నుకొస్తే మండుతున్న నూనె తుంపరలై పైకి లేస్తుంది, ప్రతి తుంపరా మండుతుంది. జానెడు మంట సీలింగుకు తగలడానికి క్షణం చాలు. నీళ్ళు పోసిన మనిషి మొహం సరిగ్గా ఆ పైనే ఉంటుంది.

చెయ్యాల్సింది చాలా తక్కువ. మంట మీదుగా చెయ్యి చాచకుండా అందితే నాబ్ తిప్పి ఆపు. అందకపోతే దాన్ని వదిలేసి ముందు మూత సంగతి చూడు. మూతను నిలువుగా నీకూ మంటకూ మధ్య అడ్డం పట్టుకుని, నీ వైపు అంచు మీద ఆనించి, అవతలికి జరుపుతూ మూసెయ్. పైనుంచి ధబీమని వెయ్యకు, నూనె చిందుతుంది. గాలి అందకపోతే మంట చచ్చిపోతుంది. ఆ తర్వాత స్టవ్ ఆపు, చిమ్నీ ఆన్‌లో ఉంటే అదీ ఆపు, అది మంటను పైకి లాగుతుంది. జిడ్డు పట్టిన దాని ఫిల్టర్ కూడా అంటుకుంటుంది.

మూత అన్నానని బాణలితో వచ్చిన గాజు మూతను నమ్ముకోకు, మంట మీద అది పగలొచ్చు. బాణలి అంచుకంటే వెడల్పైన, అడుగు చదునుగా ఉన్న ఇనుపదో స్టీలుదో కావాలి. నన్నడిగితే దోసె పెనాన్ని మించింది లేదు. బరువు ఉంటుంది, పిడి పొడుగు కాబట్టి చెయ్యి మంటకు దూరంగా ఉంటుంది. వేయించడం మొదలుపెట్టే ముందే దాన్ని స్టవ్ పక్కన, మంట వచ్చినా అందేచోట పెట్టుకో. పై అరలో ఉన్న పెనం ఉన్నా లేనట్టే.

ఎక్కువమంది తప్పు చేసేది ఆ తర్వాతే. మంట ఆరిందా లేదా అని ఒక నిమిషానికే మూత ఎత్తి చూస్తారు. నూనె ఇంకా 350 దగ్గరే ఉంటుంది, గాలి తగిలిందంటే మళ్ళీ భగ్గుమంటుంది, ఈసారి నీ మొహం దగ్గర. అరగంట, వీలైతే గంట దాకా దాని జోలికి పోకు. మండుతున్న బాణలిని ఎత్తుకుని బాల్కనీకి పరుగెత్తడం ఇంకో పిచ్చి పని. నడుస్తుంటే మంట వెనక్కి, చేతి మీదికే వస్తుంది. మైదా, శనగపిండి చల్లితే ఆ పిండీ మండుతుంది.

కారిడార్‌లో మంటలార్పే ఎర్ర సిలిండర్ ఉంది కదా అంటావేమో. అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా పెట్టేది ఏబీసీ పౌడర్. దగ్గరనుంచి కొడితే ఆ జోరుకు మండే నూనె చిందుతుంది. మంట అణిగినా నూనె చల్లారదు కాబట్టి మళ్ళీ అంటుకోవచ్చు. వంటనూనె కోసం ఎఫ్ క్లాస్ అని వేరే ఉంది. అందులోని ద్రవం వేడి నూనె మీద సబ్బు పొరలా కట్టి గాలి ఆపుతుంది, చల్లబరుస్తుంది కూడా. అది పెద్ద వంటశాలల సరుకు. మీకు పెనం చాలు.

మంట చిమ్నీకో పై అరలకో పాకితే, మూత వెయ్యలేనంత పెరిగితే, ఇక ఆర్పే ఆలోచన వద్దు. ముగ్గురూ బయటికొచ్చి వంటింటి తలుపు, మెయిన్ డోర్ దగ్గరికి లాగండి. తాళం వెయ్యకండి. మెట్ల మీదుగా దిగండి, లిఫ్ట్ వద్దు. దిగుతూ పక్కవాళ్ళ తలుపులు కొట్టి, 101కో 112కో ఫోన్ చెయ్యండి. పర్సు కోసం, లాప్‌టాప్ కోసం వెనక్కి వెళ్ళకండి.

చెయ్యి కాలితే గాజులు, ఉంగరం వెంటనే తీసేసి కుళాయి నీళ్ళ కింద 20 నిమిషాలు పట్టు. ఐసు, టూత్‌పేస్టు, పసుపు ఏదీ వద్దు. బొబ్బ అరచేయంత ఉన్నా, మొహం మీద కాలినా ఆస్పత్రికి వెళ్ళాల్సిందే.

ఇక ఆదివారం బజ్జీల సంగతి. నూనె బాణలిలో సగం దాటకూడదు, మూడో వంతు పోస్తే ఇంకా మంచిది. మిరపకాయలు కడిగాక పొడిగుడ్డతో తుడిచి, పొడుగునా ఒక గాటు పెట్టు, లేకపోతే లోపలి గాలికీ తడికీ నూనెలో టప్పుమని పేలతాయి. చిన్న పిండి చుక్క వేసి చూడు, బుడగలతో మెల్లగా పైకి తేలితే నూనె సిద్ధం. పడీ పడగానే నల్లబడితే మంట తగ్గించు. చున్నీ తీసేసి నిలబడు. సెక్యూరిటీ ఫోన్ చేస్తే పార్సిల్ గేటు దగ్గరే పెట్టుకోమను, లేదా స్టవ్ ఆపి వెళ్ళు.

మిగిలిన నూనె పూర్తిగా చల్లారాక వడకట్టి సీసాలో పోసుకో, రెండు మూడు రోజుల్లో తాలింపులకు వాడెయ్. ఒకసారి అంటుకున్న నూనె మాత్రం కూరకు పనికిరాదు. మర్నాడు పాత సీసాలో పోసి, మూత బిగించి చెత్తలో వెయ్, సింక్‌లో పొయ్యకు.

మీ పెద్ద మావయ్య