నల్ల గొర్ల ఉన్ని కత్తిరించే ముందు

బిడ్డా,

శివరాత్రి పోయింది గదా, మంద కత్తిరించమంటావా అని ఫోన్‌లో అడిగినవు. చలి తగ్గింది, కత్తిరించు. మన దక్కనీ గొర్లకు ఏడాదికి రెండు కోతలు: ఇదొకటి, వానలు వెనకబట్టినంక చలి ముదరకముందు ఇంకొకటి. నెలలోపు ఈనే గొర్లను మాత్రం పక్కకు పెట్టు, పడేసి తిప్పితే ఈసుకపోతయి. పిల్లలకు ఆర్నెల్లు నిండనీ.

రెండు మూడు రోజుల ముందు కుంటలో కడిగి, దుమ్ములేని చోట ఎండకు ఆరనియ్యి. కత్తెర పట్టే పొద్దున బొచ్చులోకి వేలు దూర్చి చర్మం దగ్గర తడిమి చూడు. చల్లగ తగిలితే ఇంకా తడే, ఇంకో రోజు ఆగు. తడి ఉన్ని మూటలో వేడెక్కి ముక్కవాసన కొడ్తది, వడికేటప్పుడు పుటుక్కున తెగుతది. ముందు రాత్రి మేత పెట్టకు. కడుపు నిండిన గొర్రె పడుకోబెడితే ఆయాసపడి తంతది, పరిచిన గుడ్డ మీదనే పెంటికలేస్తది.

పట్టుకునేటప్పుడు బొచ్చు పట్టి గుంజకు, లోపల తోలు కములుతది. ఒక చెయ్యి దవడ కింద, ఒకటి పిర్ర మీద పెట్టి, తలను పక్కకు తిప్పుతూ నీ మోకాళ్లకు ఆనించి వెనక్కి కూర్చోబెట్టు. కాళ్లు నేలకు ఆనకపోతే పెద్దగ కొట్టుకోదు.

అసలు పనితనం ఎడమ చేతిలో ఉంటది. చాలామంది బొచ్చును పైకెత్తి కోస్తరు. బొచ్చుతో పాటు చర్మమూ లేస్తది, కత్తెర నోట్లో పడ్తది. ఎడమ చేత్తో చర్మాన్ని సాగదీసి పట్టి, కత్తెరను ఒంటికి ఆనించి పోనియ్యి. ముందు పొట్ట, తర్వాత పక్కలు, వీపు, మెడ. పొదుగు దగ్గర చనుమొనలను అరచేత్తో కప్పుకో. ఎత్తుగ మిగిలిన చోట మళ్లీ కత్తిరించకు. ఆ పొట్టి ముక్కలు దారానికి నిలవవు, మంచి ఉన్నిలో కలిస్తే నేతగాళ్లు పట్టి చూసి మొత్తానికే ధర తగ్గిస్తరు. గాటు పడితే వెంటనే పసుపు, వేపనూనె రాయి. ఈగ వాలిందా, పురుగు పడ్తది.

ఇక అమ్మకం సంగతి. నీ 40 గొర్లకు తలకు 300 గ్రాములు వేసుకున్నా 12 కిలోలైతది. అందులో పొట్టది, కాళ్లది, పెంట అంటింది ఓ రెండు కిలోలుంటది, దాన్ని వేరే మూట కట్టు. మిగిలిన పదిలో నల్లది, బూడిదరంగుది, పిల్లల మెత్తటి ఉన్ని దేనికది వేరు చెయ్యి. గొంగడికి నల్లది రంగెయ్యకుండనే పనికొస్తది, అందుకే దాన్ని కలిపి పాడుచేసుకోకు. పల్లేరుకాయలు చేత్తో ఏరాల్సిందే. ప్లాస్టిక్ సంచి పోగులూడి ఉన్నిలో కలుస్తయి, పాత నూలు దుప్పట్లో కట్టు. మందకు గుర్తుకని పెయింటు పూసే అలవాటుంటే మానెయ్యి, అది ఉతికినా పోదు.

అన్నీ కలిపి ఒకే ధర అనే బేరగానికి అమ్మకు. గొంగళ్లు నేసేటోళ్లను ఇంటికి పిలిచి, మూటలు విప్పి చూపించి, నీ ముందరనే కాంటా పెట్టించు.

మీ పెదనాయన