వెడ్జ్ గాలి పొరతో కాగితం మందం కొలవడం

ఒంగోలులో డిగ్రీ చదువుతున్నాను. రెండు గాజు పలకలను ఒక అంచున తాకించి, రెండో అంచున వాటి మధ్య కాగితం పెడితే కనిపించే చారలతో ఆ కాగితం మందం ఎలా తెలుస్తుంది?

పలకలు తాకే అంచు నుంచి కాగితం వరకు ఉన్న దూరాన్ని కాంతి తరంగదైర్ఘ్యంతో గుణించి, చార వెడల్పుకు, అంటే ఒక నల్లచార నుంచి తర్వాతి నల్లచారకు ఉన్న దూరానికి, రెట్టింపుతో భాగిస్తే మందం వస్తుంది. గాలి పొర పైనా కిందా పరావర్తనం చెందిన కిరణాలు కలిసి చారలను ఏర్పరుస్తాయి. కాంతి ఆ పొరను పోను రాను రెండుసార్లు దాటుతుంది కనుక, పొర మందం సగం తరంగదైర్ఘ్యం పెరిగిన ప్రతిచోటా కొత్త నల్లచార పడుతుంది. సోడియం దీపం తరంగదైర్ఘ్యం 0.0005893 మి.మీ., దూరం 40 మి.మీ., మైక్రోస్కోపులో 20 చారల వెడల్పు 4 మి.మీ. అయితే, ఒక్కో చార 0.2 మి.మీ., కాగితం మందం సుమారు 0.059 మి.మీ. అవుతుంది.

కాగితం మందమైతే చారలూ వెడల్పవుతాయని చాలామంది పొరబడతారు. నిజానికి వాలు పెరిగి అవి మరింత దగ్గరవుతాయి, మరీ మందమైతే విడివిడిగా లెక్కపెట్టడమే కష్టం.