కర్ణాటకలోని అగుంబె వర్షారణ్యానికి ఎప్పుడు వెళ్లాలి?

నెల్లూరు నుంచి అగుంబె వెళ్తున్నాం. ఏ నెల మంచిది, రోజు ఎలా గడపాలి?

అక్టోబరు చివర్లో వెళ్లండి. మనకి అప్పుడే వానలు మొదలైనా, అక్కడ జోరు వానలు జూన్ నుంచి సెప్టెంబరు దాకానే. జూలైలో అయితే రోజంతా కురుస్తూ, ఉతికిన బట్ట రెండు రోజులకీ ఆరదు. అక్టోబరులో సాధారణంగా పొద్దున తెరిపిగా ఉండి మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన పడుతుంది కాబట్టి, ఆరున్నరకే గైడుతో నడక మొదలుపెట్టి పదకొండుకల్లా బయటికొచ్చేయండి. తర్వాత భోజనం, కునుకు.

జలగలు తప్పవు. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపండి. అయినా పట్టుకుంటే లాగొద్దు, గోరుతో మూతి దగ్గర పక్కకి నెట్టండి. దాని లాలాజలం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, అందుకే కాసేపు కారుతుంది, టెన్షన్ పడకుండా గుడ్డతో అదిమిపట్టండి.

వాన వెలిశాక రాత్రి వరండాలో కూర్చోండి, ఆ కప్పల బెకబెకలు నాకెంతో ఇష్టం.